"నెలవారీ టార్గెట్లు సాధించాను" అంటే ఎంత? ఒక సేల్స్ ఎగ్జిక్యూటివ్ రెజ్యూమేపై కేస్ స్టడీ

ఈ రెజ్యూమే ఒక ఎలక్ట్రానిక్స్ స్టోర్‌లో మొబైల్, ల్యాప్‌టాప్ సెక్షన్ చూసే సేల్స్ ఎగ్జిక్యూటివ్‌ది. మూడేళ్ల అనుభవం ఉంది. సీనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకు అప్లై చేస్తున్నారు, కానీ ఎక్కడినుంచీ ఇంటర్వ్యూ పిలుపు రావడం లేదు. పేరు, స్టోర్ వివరాలు తీసేసి, ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. అసలు రెజ్యూమే ఇంగ్లీషులో ఉంది. ఇక్కడ ఆ లైన్లను తెలుగులో ఇస్తున్నాను.

అనుభవం అనే హెడింగ్ కింద ఉన్నది ఇదీ:

- కస్టమర్లను ఆహ్వానించి, వారి అవసరాలకు తగిన ప్రొడక్టులు చూపించడం
- నెలవారీ సేల్స్ టార్గెట్లు సాధించడం
- యాక్సెసరీలు, ఎక్స్‌టెండెడ్ వారంటీ అమ్మడం
- స్టాక్, డిస్‌ప్లే చూసుకోవడం
- కస్టమర్ల ఫిర్యాదులు పరిష్కరించడం
- కొత్త స్టాఫ్‌కు సహాయం చేయడం

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయితే ఇవన్నీ ఆ ఉద్యోగం ప్రకటనలో ఉండే మాటలు. ఆమెతో పాటు ఆ సెక్షన్‌లో ఇంకో ఐదుగురు ఎగ్జిక్యూటివ్‌లు ఉన్నారు. పైన వాళ్లలో ఎవరి పేరు పెట్టినా ఈ ఆరు లైన్లు అలాగే సరిపోతాయి, అందరికంటే తక్కువ అమ్మేవాళ్లకు కూడా. ఏ లైన్‌ను పరీక్షించడానికైనా నేను ముందు వాడేది ఈ ప్రశ్నే: పక్కన నిలబడే వాళ్ల రెజ్యూమేలోకి ఇది మార్పు లేకుండా వెళ్లిపోతుందా? వెళ్లిపోతే అది డ్యూటీయే, అచీవ్‌మెంట్ కాదు.

"నా దగ్గర నంబర్లు ఏమీ లేవు సార్, రిపోర్టులన్నీ మేనేజర్ దగ్గరే ఉంటాయి" అన్నారు. సేల్స్‌లో పనిచేసేవాళ్లు దాదాపు అందరూ మొదట చెప్పేది ఇదే. కానీ ఇన్సెంటివ్ వచ్చే ఉద్యోగంలో నంబర్లు లేకపోవడం కుదరదు. ఇన్సెంటివ్ లెక్కకట్టాలంటే టార్గెట్ ఎంత, అమ్మింది ఎంత అన్నది ఎక్కడో రాసి ఉండాలి. ఆమె మెయిల్‌లో వెతికితే 18 నెలల ఇన్సెంటివ్ స్లిప్పులు దొరికాయి. ప్రతి స్లిప్పులో ఆ నెల టార్గెట్ యూనిట్లు, అమ్మిన యూనిట్లు, వారంటీ ప్లాన్లు, వాటిపై వచ్చిన మొత్తం ఉన్నాయి. అంతకు ముందు ఏడాదిన్నర స్లిప్పులు పాత ఫోన్‌తో పోయాయి, వాటిని వదిలేశాం. ఇక ఫోన్‌లో సెక్షన్ వాట్సాప్ గ్రూప్ ఉంది. నెల మొదట్లో ఫ్లోర్ మేనేజర్ పాత నెల లిస్టు పెడతారు, అందులో సెక్షన్ సగటు కూడా ఉంటుంది. రోస్టర్ ఫొటోలు, రెండు అప్రైజల్ లెటర్లు కూడా ఉన్నాయి.

ఈ దశలో నేను ఒక గీత గీస్తాను. తన పేరు మీద వచ్చిన కాగితాలు, తనకు చూపించిన సగటులు వాడుకోవచ్చు. స్టోర్ మొత్తం టర్నోవర్, మార్జిన్, కస్టమర్ల ఫోన్ నంబర్లు ఉన్న షీట్లు మాత్రం అడగను, తెచ్చినా చూడను. వాటిని రెజ్యూమేలో పెడితే కొత్త యజమానికి ముందు అర్థమయ్యేది, రేపు తన లెక్కలు కూడా ఇలాగే బయటికి వెళ్తాయని. అందుకే ఈ పనిలో డబ్బు అంకెల కంటే శాతాలు, నిష్పత్తులు మేలు. అవి పనితనం చెబుతాయి, వ్యాపారం ఎంత పెద్దదో చెప్పవు.

ముందు టార్గెట్ల లైన్ పట్టుకున్నాం. స్లిప్పులు చూసి ఆమే ఇంట్లో లెక్క కట్టుకొచ్చారు: ప్రతి నెల శాతం తీసి, 18 శాతాలూ కూడి, 18తో భాగించారు. సగటున 113% వచ్చింది. సంతోషంగా చూపించారు కూడా. కానీ ఈ లెక్కలో ఒక చిక్కు ఉంది, సేల్స్ రెజ్యూమేల్లో ఇది తరచూ కనిపిస్తుంది.

ఆమె స్లిప్పుల్లోని రెండు నెలలే తీసుకుందాం. డల్ సీజన్ నెలలో టార్గెట్ 40 యూనిట్లు, అమ్మింది 60. అంటే 150%. బిజీ సీజన్ నెలలో టార్గెట్ 120, అమ్మింది 108. అంటే 90%. శాతాల సగటు తీస్తే 120% వస్తుంది. మొత్తం చూస్తే 160 టార్గెట్‌కు 168 అమ్మారు, 105% మాత్రమే. టార్గెట్ చిన్నగా ఉన్న నెలలో ఇరవై యూనిట్లు ఎక్కువైతే శాతం ఎగిరిపోతుంది, పెద్ద నెలలో పన్నెండు తగ్గినా శాతం పెద్దగా కదలదు. శాతాల సగటు ఈ రెండు నెలలకూ ఒకే బరువు ఇస్తుంది. స్టోర్‌కు అసలు కావాల్సింది బిజీ సీజన్ అమ్మకం కాబట్టి, రిటైల్‌లో నలిగిన మేనేజర్ ఈ తేడాను వెంటనే పసిగడతాడు.

అందుకని 18 నెలల టార్గెట్లన్నీ ఒకవైపు, అమ్మకాలన్నీ ఒకవైపు కూడాం. టార్గెట్ 1,050 యూనిట్లు, అమ్మింది 1,113. అంటే 106%. ఎన్ని నెలలు టార్గెట్ దాటారో కూడా లెక్కపెట్టాం: 18లో 12.

"113 కంటే 106 తక్కువగా కనిపించదా సార్?" అని అడిగారు. కనిపిస్తుంది. కానీ ఇంటర్వ్యూలో ఎవరైనా "ఈ 113 ఎలా వచ్చింది?" అని అడిగి, కాగితం మీద రెండు నెలలు వేసి చూపిస్తే, ఆ తర్వాత రెజ్యూమేలోని ప్రతి అంకెనూ అనుమానంగానే చూస్తారు. పైగా 106%, 18లో 12 నెలలు అన్న రెండు అంకెలూ పక్కపక్కన ఉంటే ఒకదానికొకటి బలం. మొదటిది మొత్తం ఫలితం, రెండోది నిలకడ. ఒక్క నెల అదృష్టం కలిసొచ్చి శాతం పెరిగిందేమో అన్న అనుమానం రెండో అంకెతో పోతుంది.

1,113 అనే సంఖ్యను రెజ్యూమేలో పెట్టలేదు. స్టోర్ సైజు తెలియనివాళ్లకు అది పెద్దో చిన్నో అర్థం కాదు. అడిగితే చెప్పడానికి గుర్తుంచుకోమన్నాను.

ఈ కేసులో అసలు విషయమంతా మూడో లైన్‌లో ఉంది: ఎక్స్‌టెండెడ్ వారంటీ. "అమ్మడం" అన్న ఒక్క మాట కింద మూడేళ్ల పనిలో బాగా చేసిన పని దాక్కుని ఉంది, ఆమెకే అది ప్రత్యేకంగా అనిపించలేదు.

మొదట ఆమె ఇచ్చిన అంకె: "పోయిన ఆరు నెలల్లో 80 వారంటీలు అమ్మాను." 80 ఎక్కువా తక్కువా? ఎన్ని పరికరాల మీద అన్నది తెలియకుండా చెప్పలేం. వెయ్యి ఫోన్ల మీద 80 అయితే చెప్పుకోవాల్సిందేమీ లేదు. ఈ లెక్కను స్టోర్లలో అటాచ్ రేటు అంటారు: వారంటీ తీసుకోవడానికి అర్హత ఉన్న పరికరాలు ఎన్ని అమ్మారు, వాటిలో ఎన్నింటికి ప్లాన్ కూడా అమ్మారు అని. ఆమె సెక్షన్‌లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అన్నింటికీ ప్లాన్ ఉంది కాబట్టి లెక్క సులువైంది. స్లిప్పులున్న మొదటి ఆరు నెలల్లో 344 పరికరాలకు 31 ప్లాన్లు, అంటే 9%. చివరి ఆరు నెలల్లో 380 పరికరాలకు 80 ప్లాన్లు, అంటే 21%.

ఇక్కడితో ఆగి "వారంటీ అటాచ్ రేటు 133% పెంచాను" అని రాసేవాళ్లు ఉన్నారు. 9 నుంచి 21 అంటే లెక్క ప్రకారం 133% పెరుగుదలే, తప్పేమీ లేదు. కానీ మొదలు ఎక్కడో చెప్పని పెరుగుదల శాతాన్ని నేను ఎప్పుడూ పెట్టనివ్వను. నెలకు ఒక్క ప్లాన్ నుంచి రెండుకు పెరిగినా 100% పెరిగినట్టే. "9% నుంచి" అని మొదలు, చివర రెండూ రాస్తే చదివేవాళ్లకు ఇక ఊహించాల్సిన పని ఉండదు.

దీనికంటే పెద్ద ప్రశ్న ఇంకోటి ఉంది. ఈ మధ్యలో స్టోర్‌లో ఏం మారింది? ఆలోచించి చెప్పారు: అంతకు ముందు రెండేళ్ల ప్లాన్ ఒక్కటే ఉండేది, మధ్యలో తక్కువ ధరకు ఏడాది ప్లాన్ కూడా పెట్టారు. అంటే అందరి వారంటీ అమ్మకాలూ పెరిగి ఉండాలి. గ్రూపులో మేనేజర్ పెట్టిన లిస్టులు వెనక్కి వెళ్లి చూశాం. సెక్షన్ సగటు మొదటి ఆరు నెలల్లో 10%, చివరి ఆరు నెలల్లో 15%.

ఈ రెండు అంకెలు రాగానే కథ మారిపోయింది. మొదట్లో ఆమె సెక్షన్ సగటు కంటే ఒక పాయింట్ కింద ఉన్నారు. చివరికి ఆరు పాయింట్లు పైన ఉన్నారు. కొత్త ప్లాన్ వల్ల వచ్చిన లాభం అందరికీ వచ్చింది, ఆమెకూ వచ్చింది. దాన్ని మించి వచ్చినది ఆమె సొంతం. ముందు ఎంత, తర్వాత ఎంత అన్న పోలికలో ధరలు, ఆఫర్లు, కొత్త మోడళ్లు, సీజన్ అన్నీ కలిసిపోతాయి. అదే కాలంలో, అదే కప్పు కింద, అవే ప్లాన్లు అమ్మిన తోటివాళ్లతో పోలిస్తే అవన్నీ ఇద్దరికీ సమానం అవుతాయి. కాబట్టి సెక్షన్ సగటు దొరికిన చోట అది లేకుండా బుల్లెట్ రాయను.

అయితే ఆ తేడా ఎలా వచ్చింది? దీనికి ఆమె మొదటి జవాబు "కస్టమర్లకు బాగా కన్విన్స్ చేశాను" అని. అది జవాబు కాదు. ఒక అమ్మకం మొదటినుంచి చివరిదాకా ఎలా జరిగిందో చెప్పమన్నాను. అప్పుడు బయటపడింది. మిగతావాళ్లందరూ ప్లాన్ సంగతి బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఎత్తుతారు. కస్టమర్ అప్పటికే కార్డు చేతిలో పట్టుకుని ఉంటాడు, అనుకున్న బడ్జెట్ దాటిపోయి ఉంటుంది, "వారంటీ ఎక్స్‌టెండ్ చేయమంటారా?" అంటే వద్దనే అంటాడు. ఆమె ఆ మాటను డెమో టేబుల్ దగ్గరికి తెచ్చారు. ల్యాప్‌టాప్ చేతిలోకి తీసుకుని కస్టమర్ సర్వీసు గురించి అడిగినప్పుడు, కంపెనీ వారంటీ ఏ తేదీకి అయిపోతుందో చెప్పి, ఆ తర్వాత మదర్‌బోర్డ్ పోతే సర్వీసు సెంటర్‌లో ఎంత అవుతుందో, ప్లాన్ ధర ఎంతో ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి చూపిస్తారు. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తారు: కింద పడి పగిలితే, నీళ్లు పోస్తే ఈ ప్లాన్ వర్తించదు.

ఆ చివరి మాట విన్నాక నేను క్యాన్సిలేషన్ల గురించి అడిగాను. అటాచ్ రేటు పెంచడానికి చెడ్డ దారులు కూడా ఉన్నాయి. వర్తించనివి వర్తిస్తాయని చెప్పి అమ్మడం, అడగకుండానే బిల్లులో కలిపేయడం. అలా అమ్మిన ప్లాన్లు కొన్నాళ్లకు గొడవై వెనక్కి వస్తాయి. దీని జాడ ఇన్సెంటివ్ స్లిప్పులోనే దొరుకుతుంది, క్యాన్సిల్ అయిన ప్లాన్ మీద ఇచ్చిన ఇన్సెంటివ్‌ను తర్వాతి నెలలో మైనస్ చేస్తారు. ఆమె చివరి ఆరు నెలల ప్లాన్లకు సంబంధించి అలాంటి మైనస్ లైన్లు మూడు ఉన్నాయి. 80లో 3 పోతే 77. అప్పుడు రేటు 21 కాదు, 20%.

మేనేజర్ లిస్టులో ఉన్న 15% మాత్రం క్యాన్సిలేషన్లు తీయకముందు లెక్క. అంటే మేం ఆమె అంకెను తగ్గించి, సెక్షన్ అంకెను తగ్గించకుండా పోలుస్తున్నాం. కచ్చితమైన పోలిక కాదు, కానీ తప్పు జరిగితే ఆమెకు నష్టం వైపే జరుగుతుంది. రెజ్యూమే అంకెల్లో నేను ఎప్పుడూ ఆ వైపే ఉంటాను. 20% అని రాశాం.

బుల్లెట్ ఇలా తయారైంది:

- వారంటీ ప్లాన్‌ను బిల్లింగ్ దగ్గర కాకుండా డెమో సమయంలోనే, రిపేర్ ఖర్చుతో పోల్చి వివరించడం ద్వారా అటాచ్ రేటును ఏడాదిన్నరలో 9% నుంచి 20%కి పెంచాను (క్యాన్సిలేషన్లు పోను). చివరి ఆరు నెలల్లో సెక్షన్ సగటు 15%.

రెజ్యూమేలో ఇదే మొదటి లైన్ అయింది. టార్గెట్ లైన్ రెండోది. సాధారణంగా సేల్స్ రెజ్యూమేల్లో టార్గెట్ ముందు ఉంటుంది, కానీ టార్గెట్ దాటినవాళ్లు చాలామంది అప్లై చేస్తారు. ఎలా దాటారో చూపించేవాళ్లు తక్కువ.

ఇక మొదటి డ్యూటీ లైన్: కస్టమర్లను ఆహ్వానించి ప్రొడక్టులు చూపించడం. దీనికి ఆమె తెచ్చిన అంకె "రోజుకు 50 మంది కస్టమర్లు". దీనికి కాగితం లేదు, అంచనా మాత్రమే. అంచనా వేయడం తప్పు కాదు, కానీ దాన్ని ఏదో ఒక గట్టి లెక్కతో తాకించి చూడాలి.

షిఫ్ట్‌లో భోజనం తీసేస్తే ఆమె ఫ్లోర్ మీద ఉండేది ఎనిమిది గంటలు, అంటే 480 నిమిషాలు. 50 మంది అయితే ఒక్కొక్కరికి పది నిమిషాలు కూడా రావు. ల్యాప్‌టాప్ డెమోకు ఇరవై, పాతిక నిమిషాలు పడుతుందని ఆమే చెప్పారు. మధ్యలో స్టాక్ తేవాలి, బిల్లింగ్‌కు తీసుకెళ్లాలి, ఫోన్ సెటప్ చేసివ్వాలి. 50 కుదరదు.

రెండో వైపు నుంచి కూడా చూడండి. 18 నెలల్లో 1,113 యూనిట్లు అంటే నెలకు 62. నెలకు 26 పనిరోజులు అనుకుంటే రోజుకు దాదాపు 2.4 అమ్మకాలు. రోజుకు 50 మందితో మాట్లాడి 2.4 మందికే అమ్మితే, వందలో ఐదుగురు కూడా కొనలేదన్నమాట. పెద్దగా కనబడాలని పెంచిన అంకె, ఆమె అమ్మే తీరునే తక్కువ చేసి చూపిస్తోంది! దీన్ని కాగితం మీద చూపించినప్పుడు ఆమె గట్టిగా నవ్వారు.

ఒక మామూలు పనిరోజును గంటగంటకూ గుర్తు తెచ్చుకోమన్నాను, పండగలాంటి రద్దీ రోజు కాదు, ఖాళీగా ఉన్న రోజూ కాదు. పూర్తి డెమోలు ఏడెనిమిది, చిన్నగా మాట్లాడి పంపించేసేవి అంతకు కాస్త ఎక్కువ అని తేలింది. 15 నుంచి 18 మంది అనుకుని, కింది అంకె 15 తీసుకున్నాం, ముందు "సుమారు" పెట్టాం. 15 మందిలో 2.4 అంటే 16%. ఆ కన్వర్షన్ శాతాన్ని మాత్రం రెజ్యూమేలో పెట్టలేదు. గుమ్మం దగ్గరి కౌంటర్ స్టోర్ మొత్తానికి వచ్చినవాళ్లను లెక్కపెడుతుంది, ఎగ్జిక్యూటివ్ వారీగా ఎవరూ లెక్కపెట్టరు. అంచనా మీద కట్టిన శాతం చూడ్డానికి కొలిచినట్టే ఉంటుంది, అదే దానితో వచ్చే ప్రమాదం.

స్టాక్ లైన్ దగ్గర ఒక మంచి అంకె దొరికినట్టే దొరికి చేజారింది. యాక్సెసరీల లెక్కలో నెలకు సగటున 14 పీసుల తేడా ఉండేది, ఆమె వారం వారం లెక్కపెట్టడం మొదలుపెట్టాక 5కు వచ్చింది. "షార్టేజ్ 64% తగ్గించాను" అని రాసుకొచ్చారు. అదే నెలలో ఇంకేమైనా మారిందా అని అడిగితే, యాక్సెసరీల అల్మారాకు మేనేజర్ తాళం పెట్టించారని చెప్పారు. మరి తగ్గుదల లెక్కింపు వల్లా, తాళం వల్లా? వారంటీ విషయంలోలాగా ఇక్కడ పోల్చడానికి ఇంకో సెక్షన్ అంకెలు లేవు. పైగా లెక్కపెట్టేది ఆమె ఒక్కరే కాదు, ఇంకొకరు కూడా ఉన్నారు. ఫలితాన్ని వదిలేసి పని పరిమాణం మాత్రం ఉంచాం: ఇద్దరు సభ్యుల జట్టుగా వారానికోసారి దాదాపు 600 యాక్సెసరీల స్టాక్ లెక్కింపు. ఇది అచీవ్‌మెంట్ కాదు, నాకు తెలుసు. కానీ "స్టాక్ చూసుకోవడం" కంటే స్పష్టంగా ఉంది, సీనియర్ పోస్టుకు స్టాక్ అనుభవం అడుగుతున్నారు కూడా.

ఫిర్యాదుల లైన్ తీసేశాం. అక్కడ ఆమె "98% కస్టమర్ శాటిస్‌ఫాక్షన్" అని పెట్టాలనుకున్నారు. అది ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే నెట్‌లో చూసిన ఒక నమూనా రెజ్యూమే నుంచి. ఆ స్టోర్‌లో ఎగ్జిక్యూటివ్ వారీగా ఫీడ్‌బ్యాక్ తీసుకునే పద్ధతే లేదు.

కొత్త స్టాఫ్ లైన్‌కు రోస్టర్ పనికొచ్చింది. కొత్తగా చేరినవాళ్లను మొదటి రెండు వారాలు ఎవరి పక్కన వేశారో అందులో ఉంటుంది. ఆమె పక్కన నలుగురిని వేశారు. అప్రైజల్ లెటర్‌లో కూడా ఈ మాట ఒక లైన్‌లో ఉంది. "సహాయం" అన్నదాన్ని "శిక్షణ" అనొచ్చా అని సందేహపడ్డారు. ఏం నేర్పారో చెప్పమంటే డెమో క్రమం, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, వారంటీ వివరించే తీరు అన్నారు. అది శిక్షణే. ఆ నలుగురి తర్వాతి అమ్మకాల జోలికి వెళ్లలేదు, అవి వాళ్ల అంకెలు.

చివరికి ఆరు డ్యూటీ లైన్ల స్థానంలో ఐదు బుల్లెట్లు మిగిలాయి. వారంటీ లైన్ పైన ఇచ్చాను. మిగతా నాలుగు:

- మొబైల్, ల్యాప్‌టాప్ సెక్షన్‌లో 18 నెలల మొత్తం యూనిట్ టార్గెట్‌లో 106% అమ్మాను. 18లో 12 నెలలు టార్గెట్ దాటాను.
- కొత్తగా చేరిన నలుగురు ఎగ్జిక్యూటివ్‌లకు మొదటి రెండు వారాలు డెమో, బిల్లింగ్, వారంటీ వివరణలో ఫ్లోర్ శిక్షణ ఇచ్చాను.
- రోజుకు సుమారు 15 మంది కస్టమర్ల అవసరం, బడ్జెట్ తెలుసుకుని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు చూపించి సలహా ఇస్తున్నాను.
- ఇద్దరు సభ్యుల జట్టులో వారానికోసారి దాదాపు 600 యాక్సెసరీల స్టాక్ లెక్కిస్తున్నాను.

గమనిస్తే వీటిలో రెండే నిజమైన అచీవ్‌మెంట్లు. మూడోది బాధ్యత పెరిగిందని చూపిస్తుంది, మిగిలిన రెండూ పని సైజు చెబుతాయి. ఐదింటినీ బలవంతంగా అచీవ్‌మెంట్లుగా మార్చి ఉంటే, మంచి రెండూ ఆ గుంపులో కలిసిపోయేవి.

బుల్లెట్లు రాశాక ప్రతి అంకె మీదా ఎదురు ప్రశ్నలు వేసి కూర్చోబెట్టడం నా పద్ధతి. టార్గెట్ లైన్ మీద వచ్చే ప్రశ్న తేలికగా ఊహించొచ్చు: "మిగతా ఆరు నెలల సంగతేంటి?" ఆమె మొదట తడబడ్డారు, స్టాక్ రాలేదని ఆరు నెలలకూ ఒకే కారణం చెప్పబోయారు. స్లిప్పుల్లో నెలలు చూసుకుంటే నాలుగు నెలల్లో బాగా అమ్ముడుపోయే మోడల్ స్టాక్ నిజంగానే లేదు, గ్రూపులో ఆ మెసేజ్‌లు కూడా ఉన్నాయి. మిగతా రెండు నెలల్లో స్టాక్ ఉంది, అమ్మకమే తగ్గింది. "నాలుగు నెలలు స్టాక్ కొరత, రెండు నెలలు నేనే వెనకబడ్డాను, వాటిలో ఒకటి బిజీ సీజన్ నెల" అని అలాగే చెప్పమన్నాను. ఆ జవాబు విన్నవాళ్లకు ఇంకో ప్రశ్న వేయాలనిపించదు.

వారంటీ లైన్ మీద తెలివైన ప్రశ్న ఒకటి ఉంది: "ఆ 15% సగటులో మీరూ ఉన్నారు కదా?" ఉన్నారు. ఆరుగురూ ఇంచుమించు సమానంగా పరికరాలు అమ్మారనుకుంటే, ఆమె 21% తీసేశాక మిగతా ఐదుగురి సగటు దాదాపు 14%కి దిగుతుంది. అంటే ఈ ప్రశ్న ఆమెకే అనుకూలం. కానీ ముందే ఒకసారి లెక్క వేసి ఉంచుకోకపోతే ఎదురుగా కూర్చున్నప్పుడు టెన్షన్‌లో తట్టదు.

ఈ రెజ్యూమే ఆమె తన రంగంలోని స్టోర్లకే పంపుతున్నారు, వాళ్లకు అటాచ్ రేటు అంటే విడమరిచి చెప్పక్కర్లేదు. బట్టలు, చెప్పులు అమ్మే స్టోర్‌కు కూడా పంపొచ్చా అని అడిగారు. పంపొచ్చు, కానీ అక్కడ వారంటీ ఉండదు. వాళ్లు చూసేది ఒక బిల్లులో సగటున ఎన్ని వస్తువులు ఉన్నాయి అని. ఆమె స్లిప్పుల్లో యూనిట్లు ఉన్నాయి కానీ బిల్లుల సంఖ్య లేదు, కాబట్టి ఆ అంకె కట్టలేం. అలాంటి చోటికి పంపేటప్పుడు వారంటీ లైన్‌లో "అటాచ్ రేటు" బదులు "ఫోన్ లేదా ల్యాప్‌టాప్ కొన్న ప్రతి 100 కొనుగోళ్లలో 20కి అదనపు ప్లాన్ కూడా అమ్మాను" అని మార్చి రాసుకోమన్నాను. ఇకనుంచి ప్రతి నెలా స్లిప్ రాగానే టార్గెట్, అమ్మకం, ప్లాన్లు, క్యాన్సిలేషన్లు, సెక్షన్ సగటుతో పాటు బిల్లుల సంఖ్య కూడా అడిగి ఒక నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటున్నారు.